గుడ్డు ఉడకాలి, పనీర్ వేడెక్కితే చాలు

జున్ను వండే ఇళ్లలో ఒక గుర్తు అందరికీ తెలుసు. ఆవిరి మీద పెట్టిన గిన్నెను వేళకు దింపితే జున్ను నున్నగా ఉంటుంది, గిన్నె కదిలిస్తే వణుకుతుంది, చాకు పెడితే శుభ్రంగా తెగుతుంది. మరిచిపోయి పది నిమిషాలు ఎక్కువ ఉంచితే లోపలంతా చిన్న చిన్న రంధ్రాలు పడతాయి, అంచుల వెంట పల్చటి నీళ్లు చేరతాయి. పాలు అవే, బెల్లం అదే, మిరియాలు అవే. మారింది సెగ ఒక్కటే. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే గుడ్డు ఎందుకు బిరుసెక్కుతుందో, పనీర్ ఎందుకు రబ్బరులా సాగుతుందో, సోయా పాలతో చేసే టోఫు ఎందుకు స్పాంజిలా తయారవుతుందో కూడా తెలిసిపోతుంది.

నీళ్లు బయటి నుంచి రాలేదు. జున్ను, గుడ్డు, పనీర్, టోఫు ఇవన్నీ నీళ్లను పట్టి ఉంచిన ప్రోటీన్ వలలు. కోడిగుడ్డు బరువులో నాలుగింట మూడు వంతులు నీళ్లే. పనీర్‌లో 60 శాతం దాకా తేమ ఉండవచ్చని మన ఆహార ప్రమాణాలే చెబుతున్నాయి. టోఫులో ఇంకా ఎక్కువ. నోట్లో మెత్తగా తగిలేది ఆ నీళ్లతో నిండిన వలే. వేడి పెరిగేకొద్దీ ప్రోటీన్ పోగులు ఒకదానికొకటి మరింత దగ్గరగా అతుక్కుంటాయి, వల కళ్లు చిన్నవవుతాయి, తడిబట్టను పిండినట్టు నీళ్లు బయటికి వస్తాయి. మిగిలేది బిగుసుకున్న వల. దాన్నే మనం రబ్బరు అంటాం.

ఇంతవరకు గుడ్డు, పనీర్, టోఫు మూడింటిదీ ఒకటే కథ. అందుకే కాబోలు, వంటల పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ మూడింటికీ ఒకే సలహా వినిపిస్తుంది: సిమ్‌లో వండండి. ఈ సలహా గుడ్డుకు సరిపోతుంది, పనీర్‌కు సగమే సరిపోతుంది, టోఫును వేయించేటప్పుడు తప్పు దారి పట్టిస్తుంది. కారణం వాటి పుట్టుకలో ఉంది. గుడ్డు పచ్చిది. దానిలో వల ఇంకా ఏర్పడలేదు, పొయ్యి మీదే ఏర్పడాలి. పనీర్, టోఫు అప్పటికే ఒకసారి ఉడికి, విరిగి, ఒత్తిడికి గురై గడ్డకట్టిన పదార్థాలు. వాటికి మన వంటింట్లో కొత్తగా ఉడకాల్సింది ఏమీ లేదు. పొయ్యి మీద గడిపే ప్రతి అదనపు నిమిషం వల బిగియడానికే పనికొస్తుంది.

గుడ్డు: పది పదిహేను డిగ్రీల ఆట

తెల్లసొన 62, 63 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కబడటం మొదలుపెడుతుంది. పచ్చసొన 65 దగ్గర చిక్కబడి, 70కి ముద్దగా నిలబడుతుంది. రెండూ కలిపి గిలక్కొడితే ఆ మిశ్రమం 73 ప్రాంతంలో గడ్డకడుతుంది. తెల్లసొనలోని ప్రోటీన్లలో సగానికి పైగా ఉండే ఓవాల్బుమిన్ మాత్రం మొండిది. 80 డిగ్రీలు వచ్చేదాకా అది గట్టిపడదు. అంటే 63కీ 80కీ నడుమ తెల్లసొన గడ్డకట్టి ఉంటుంది గానీ ఇంకా మెత్తగానే ఉంటుంది. 80 దాటాక ఆ మొండి ప్రోటీన్ కూడా వలలో చేరి బిగుసుకుంటుంది. ఉల్లిపాయలు వేగుతున్న మూకుడు అడుగు మాత్రం 150 డిగ్రీలు దాటే ఉంటుంది. గుడ్డు మెత్తగా ఉండాల్సిన హద్దుకు అది రెట్టింపు. అందులో గుడ్డు పోసి మంట తగ్గించామని తృప్తి పడితే లాభం లేదు. మంట తగ్గినా మూకుడు అంత తొందరగా చల్లారదు, ఇనుపదైతే మరీను.

కోడిగుడ్డు పొరటునే తీసుకుందాం. చాలా ఇళ్లలో పొరటు పొడిపొడిగా, అక్కడక్కడా ఎర్రగా వేగి ఉండాలి. అన్నంలో కలుపుకోవడానికి అదే బాగుంటుంది కూడా. అది తప్పు కాదు, వేరే వంటకం. మెత్తటి పొరటు కావాలనుకుంటేనే ఈ లెక్క. మూడు గుడ్లు పగలగొట్టి, ఉప్పు వేసి గిలక్కొట్టి పావుగంట పక్కన పెట్టాలి. ఉప్పు ప్రోటీన్ పోగుల మధ్య చేరి అవి మరీ దగ్గరగా అతుక్కోకుండా చూస్తుంది. అందుకే ముందే ఉప్పు వేసిన గుడ్డు వండాక తక్కువ నీరు వదులుతుంది. ఈలోగా ఉల్లి, పచ్చిమిర్చి, కావాలంటే టమాటా పూర్తిగా మగ్గిపోవాలి. టమాటా నీళ్లు ఇక్కడే ఇగిరిపోకపోతే తర్వాత గుడ్డే విరిగి నీరు వదిలిందని పొరబడతాం. అవి మగ్గాక స్టవ్ కట్టేసి ఒక నిమిషం ఆగాలి. ఈ నిమిషాన్ని అందరూ దాటేస్తారు, అసలు కిటుకు మాత్రం ఇదే. ఆ తర్వాత గుడ్డు పోసి, అప్పుడు సన్న సెగ పెట్టాలి. పోసిన వెంటనే అంచులు చుయ్యిమని పొంగితే మూకుడు ఇంకా ఎక్కువ వేడిగా ఉందని అర్థం. నెమ్మదిగా, అరనిమిషం తర్వాత అడుగున పొర కట్టడం మొదలైతే వేడి సరిగ్గా ఉన్నట్టు. చెక్క గరిటెతో అడుగు నుంచి మడుస్తూ ఉంటే రెండు మూడు నిమిషాల్లో పెద్ద మెత్తటి ముద్దలు తయారవుతాయి. పైన ఇంకా తడి మెరుపు ఉండగానే దింపి పళ్లెంలోకి తీయాలి. మూకుడులోనూ ముద్దల్లోనూ మిగిలిన వేడి ఆ తడిని గడ్డకట్టిస్తుంది. పొయ్యి మీదే సరిగ్గా అయిందనిపించిన పొరటు పళ్లెంలోకి వచ్చేసరికి ఎక్కువై ఉంటుంది. కాసేపటికి పళ్లెం అడుగున నీళ్లు కనిపిస్తే వల పిండుకుపోయిందని గుర్తు.

ఉడికించిన గుడ్డు సంగతి మరో రకం. మరుగుతున్న నీళ్లలోకి, ఫ్రిజ్‌లోంచి కాక బయటి వేడికి వచ్చిన 50, 55 గ్రాముల గుడ్డును దింపితే సుమారు ఏడు నిమిషాలకు తెల్లసొన నిలబడుతుంది, పచ్చసొన నడుమ ఇంకా జిగురుగా ఉంటుంది. పది నిమిషాలకు పచ్చసొన కూడా గట్టిపడుతుంది. అక్కడ ఆపి చన్నీళ్లలో వేయాలి. ఆ చన్నీళ్లు పెంకు ఊడటానికే అనుకుంటారు గానీ, లోపల సాగుతున్న ఉడుకును ఆపడమే వాటి ముఖ్యమైన పని. ఆపకపోతే ఏమవుతుందో పచ్చసొన చుట్టూ ఏర్పడే ఆకుపచ్చ వలయం చెబుతుంది. ఎక్కువ వేడికి తెల్లసొనలోని గంధకం హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా మారి, లోపలికి చేరి, పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఆ రంగు ఏర్పడుతుంది. తింటే ప్రమాదమేమీ లేదు. కానీ తెల్లసొన అప్పటికే బిరుసెక్కిందని, ఆ కుళ్లు వాసన రాబోతోందని అది ముందే చెప్పే గుర్తు. అన్నంతో పాటో బంగాళాదుంపలతో పాటో కుక్కర్‌లో పడేసిన గుడ్లకు ఈ వలయం దాదాపు ఖాయం. కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళుతుంది. అన్నం ఉడికే సమయం గుడ్డుకు చాలా ఎక్కువ.

ఇలా గట్టిగా ఉడికిన గుడ్డునే పసుపు, కారం వేసి నూనెలో ఎర్రగా వేయించి, ఆపై పులుసులో మరో ఇరవై నిమిషాలు కుతకుతలాడిస్తే మూడుసార్లు వండినట్టు. వేయించిన పైపొర చాలామందికి ఇష్టం, దాన్ని వదులుకోనక్కర్లేదు. అలాంటప్పుడు ఉడికించేది ఎనిమిది నిమిషాలకు ఆపి, నూనెలో ఒక్క నిమిషం దొర్లించి, పులుసు పూర్తిగా చిక్కబడ్డాక చివరి ఐదు నిమిషాలకు వేస్తే సరిపోతుంది. పులుపు గుడ్డుకు పట్టాలంటే మరిగించడం కన్నా గాట్లు పెట్టి, దింపిన పులుసులో గంటసేపు ఊరనివ్వడం నయం. గుడ్లను నేరుగా పులుసులోకి పగలగొట్టి పోసే పద్ధతి ఇంకా మేలైనది. మంట బాగా తగ్గించి, తెర్లడం ఆగాక ఒక్కొక్కటే జారవిడిచి, కదపకుండా మూత పెట్టి ఐదారు నిమిషాలు ఉంచితే తెల్లసొన పట్టులా వస్తుంది. చింతపండు పులుపు తెల్లసొన తొందరగా గడ్డకట్టేలా చేస్తుంది కాబట్టి అది పులుసంతా చెదరదు.

మెత్తదనం పేరుతో పచ్చిగా వదిలేయడానికి మాత్రం ఒక హద్దు ఉంది. గుడ్లలో ఉండే అవకాశమున్న సాల్మొనెల్లా బ్యాక్టీరియా 71 డిగ్రీలు చేరగానే చచ్చిపోతుంది. గిలక్కొట్టిన గుడ్డు గడ్డకట్టే వేడి కూడా ఇంచుమించు అదే కాబట్టి పొరటులో భయం తక్కువ. పచ్చసొన కారుతున్న గుడ్డును గర్భిణులకు, పసిపిల్లలకు, వృద్ధులకు పెట్టకపోవడం మంచిది.

పనీర్ గట్టిపడటంలో రెండు రకాలు

కాచిన పాలలో నిమ్మరసమో సిట్రిక్ ఆమ్లమో వేసి విరగ్గొట్టి, గుడ్డలో కట్టి ఒత్తితే పనీర్. డెయిరీల్లో పాలను 80, 90 డిగ్రీల దాకా వేడి చేసి, 70కి దించి, అప్పుడు విరగ్గొడతారు. ఇంట్లో చేసేవాళ్లు పాలు తెర్లుతుండగానే నిమ్మరసం పిండి, విరిగిన తర్వాత కూడా మంట మీదే ఉంచుతారు. ఇంట్లో చేసిన పనీర్ ఇసుకలా పొడిపొడిగానో, గట్టిగానో రావడానికి ఇదే ప్రధాన కారణం. విరుగుడు నీరు పచ్చగా తేటబడగానే స్టవ్ కట్టేయాలి.

పిజ్జా మీద చీజ్ కరిగినట్టు పనీర్ కరగదు. పుల్లదనం వల్ల పాల ప్రోటీన్‌లోని క్యాల్షియం చాలావరకు విరుగుడు నీటిలోకి పోతుంది. పైగా బాగా కాచిన పాలలో మామూలుగా విరుగుడుతో పోవాల్సిన ప్రోటీన్లు కూడా గడ్డకే అతుక్కుంటాయి. దాంతో వల వేడికి సాగి ప్రవహించే రకం కాకుండా, వేడికి ఇంకా ముడుచుకునే రకంగా తయారవుతుంది. కూరలో ముక్క ముక్కగానే నిలబడటం మనకు సౌకర్యమే. ముడుచుకోవడమే చిక్కు.

'పనీర్ గట్టిగా ఉంది' అన్న ఒకే మాటతో రెండు వేర్వేరు విషయాలు చెబుతుంటారు. ఫ్రిజ్‌లోంచి తీసిన ముక్క గట్టిగా ఉండటానికి కారణం కొవ్వు. నెయ్యి చలికి పేరుకున్నట్టే పనీర్ లోపలి పాలకొవ్వు కూడా పేరుకుంటుంది. 40 డిగ్రీలు వచ్చేసరికి పూర్తిగా కరిగి ముక్క మళ్లీ మెత్తబడుతుంది. ఇది ఎన్నిసార్లయినా వెనక్కి తిరిగే మార్పు. రెండోది ప్రోటీన్ వల బిగుసుకోవడం. ఇది వెనక్కి తిరగదు. తేడా కనుక్కోవడం తేలిక. కూర వేడివేడిగా ఉన్నప్పుడే ముక్క పళ్ల కింద కీచుమంటూ సాగితే ప్రోటీన్ బిగిసింది, వంట ఎక్కువైంది. వేడిగా ఉన్నప్పుడు మెత్తగా ఉండి, చల్లారాక గట్టిపడితే అది కొవ్వు పేరుకోవడమే, మళ్లీ వెచ్చబెడితే పోతుంది. ఈ తేడా తెలియక, చల్లారిన కూరలో ముక్క గట్టిగా తగిలిందని 'సరిగ్గా ఉడకలేదు' అనుకుని మరో పది నిమిషాలు మరిగించేవాళ్లు ఉన్నారు. దాంతో తాత్కాలికమైన గట్టిదనం కాస్తా శాశ్వతమవుతుంది.

కొవ్వు తక్కువగా ఉన్న పనీర్ తొందరగా రబ్బరవడానికీ కారణం ఇక్కడే ఉంది. ప్రోటీన్ పోగుల నడుమ కొవ్వు బిందువులు అడ్డుగా ఉండి అవి పూర్తిగా అతుక్కోకుండా చూస్తాయి. మామూలు పనీర్‌లో తేమ తీసేసిన బరువులో సగానికి తగ్గకుండా పాలకొవ్వు ఉండాలన్నది ప్రమాణం. 'లో ఫ్యాట్' రకంలో ఆ అడ్డు లేదు, కాబట్టి దానికి పొయ్యి మీద ఇంకా తక్కువ సమయం ఇవ్వాలి. పాలకొవ్వు బదులు వేరే కొవ్వుతో చేసిన 'అనలాగ్' సరుకుకు ఈ లెక్కలేవీ వర్తించవు. కొనేముందు లేబుల్ చదవడమే.

200 గ్రాముల పనీర్, టమాటా ఉల్లి గ్రేవీ. ఎప్పుడు వేయాలి, ఎంతసేపు ఉంచాలి? రెండు సెంటీమీటర్ల ముక్కను వేడి గ్రేవీలో వేస్తే నడుమ దాకా వెచ్చబడటానికి మూడు నాలుగు నిమిషాలు చాలు. ముక్క మందం రెట్టింపైతే సమయం దాదాపు నాలుగు రెట్లవుతుంది. అందుకే పెద్ద దిమ్మలుగా కోసిన పనీర్ లోపల చల్లగానే ఉండిపోతుంది, పైన మాత్రం బిగుసుకుంటుంది. గ్రేవీ నూనె తేలేదాకా వేగి, ఉప్పు, కారం, మీగడ అన్నీ సరిపడ్డాక, మంట బాగా తగ్గించి ముక్కలు వేయాలి. అక్కడక్కడా ఒక బుడగ లేచి ఆగేంత వేడి చాలు. నాలుగు నిమిషాల తర్వాత దింపి మూత పెడితే ఉప్పూ మసాలా ముక్కకు పట్టడం ఆ మూత కిందే జరుగుతుంది. ముక్కకు రుచి పట్టాలని ముందే వేసి గ్రేవీతో పాటు మరిగించడం చాలాచోట్ల కనిపించే తప్పు. మసాలా పట్టడానికి సమయం కావాలి గానీ తెర్లే వేడి అక్కర్లేదు.

వేయించే దగ్గరే 'సిమ్' సలహా బెడిసికొడుతుంది. సన్న మంట మీద ఆరేడు నిమిషాలు వేయిస్తే ముక్క రంగు రాకముందే లోపలి నీరంతా ఆవిరైపోతుంది. బాగా కాగిన పెనం మీద, కొద్ది నూనెతో, తడి తుడిచిన ముక్కను ఒక్కో వైపు నలభై సెకన్లు ఉంచితే పైన బంగారు రంగు వస్తుంది, నడుమకు వేడి చేరేలోపే పని అయిపోతుంది. వేగిన ముక్కల్ని వెంటనే ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు వేసే అలవాటు మంచిదే. పైపొర తిరిగి తేమ పీల్చుకుంటుంది, ఉప్పూ పడుతుంది. అది పైపొర దాకే అని మాత్రం గుర్తుండాలి. నడుమ దాకా బిగిసిన ముక్కను ఏ నీళ్లూ బాగు చేయలేవు. దాన్ని తురిమి భుర్జీలోనో పరాఠా కూరలోనో వాడుకోవడమే దారి.

టోఫు

చూడటానికి పనీర్‌లా ఉంటుంది కాబట్టి టోఫును పనీర్‌లాగే వండి, బాగాలేదని పక్కన పెట్టేవాళ్లే మన దగ్గర ఎక్కువ. సోయా పాలను జిప్సమ్ అనే క్యాల్షియం సల్ఫేట్‌తోనో, నిగారి పేరుతో దొరికే మెగ్నీషియం క్లోరైడ్‌తోనో గడ్డకట్టిస్తే టోఫు వస్తుంది. పనీర్‌లో ఉన్నంత కొవ్వు ఇందులో లేదు. ఇంకో తేడా ఏమిటంటే గడ్డలో ఇంకా కొంత క్యాల్షియమో మెగ్నీషియమో మిగిలే ఉంటుంది. మళ్లీ వేడి తగిలితే అది ప్రోటీన్ పోగుల్ని ఇంకా కట్టివేస్తుంది. మరుగుతున్న పులుసులో పావుగంట ఉన్న టోఫు లోపల రంధ్రాలు పడి, గట్టి స్పాంజిలా తయారవుతుంది. జపాన్ వంటవాళ్లు ఈ రంధ్రాలను 'సు' అంటారు. ఆవిరి మీద ఎక్కువసేపు ఉన్న గుడ్డు కస్టర్డ్‌లో పడే రంధ్రాలకూ అదే మాట. మన జున్నులో పడేవీ ఆ జాతివే.

దీనికి పరిష్కారం టోఫును తరతరాలుగా వండుతున్న దేశాల్లోనే ఉంది. చైనాలోని చెంగ్డూ నగరపు వంటకం మాపో టోఫు చేసేటప్పుడు ముక్కల్ని ముందుగా ఉప్పు నీళ్లలో, మరగబోతున్న వేడిలో రెండు మూడు నిమిషాలు ఉంచుతారు. లీటరు నీటికి టీ స్పూను నిండా ఉప్పు సరిపోతుంది. ఉప్పులోని సోడియం ఆ మిగిలిన క్యాల్షియం పనికి అడ్డుపడుతుంది, ముక్క మెత్తగా ఉండి సులభంగా చిట్లదు, సోయా పచ్చి వాసన కూడా తగ్గుతుంది. జపాన్ క్యోటోలో పేరున్న యుదోఫు అయితే కొంబు అనే సముద్రపు నాచు వేసిన నీటిలో టోఫును వెచ్చబెట్టడమే. ముక్క నీళ్లలో ఊగడం మొదలవగానే తీసేస్తారు. వండటం అన్న మాట కూడా దానికి ఎక్కువే.

మన కూరల్లో వాడాలంటే గట్టి టోఫును ఉప్పు నీళ్లలో ముంచి తీసి, పనీర్ లాగే చివర్లో వేయవచ్చు. పట్టులా మెత్తగా ఉండే సిల్కెన్ రకాన్ని మాత్రం గరిటెతో తిప్పకూడదు, గిన్నెనే ఊపాలి. వేయించాలనుకుంటే పెద్ద మంటే మేలు. గుడ్డతో తడి బాగా అద్ది, కాగిన పెనం మీద వేసి, దానంతట అది పెనాన్ని వదిలేదాకా కదపకుండా ఉండాలి. అతుక్కుని ఉందంటే పొర ఇంకా ఏర్పడలేదు. లాగితే చిరుగుతుంది.

స్టవ్ కూడా మోసం చేస్తుంది

గ్యాస్ స్టవ్ మీద పెద్ద బర్నర్ సిమ్ కూడా చిన్న గిన్నెకు ఎక్కువే, చిన్న బర్నర్‌కు మారడం మేలు. ఇండక్షన్‌ది ఇంకో రకం చిక్కు. చాలా ఇండక్షన్ పొయ్యిలు తక్కువ అంకె పెట్టినప్పుడు నిజంగా తక్కువ వేడి ఇవ్వవు. కాసేపు గట్టిగా వేడిచేసి, కాసేపు ఆగి, మళ్లీ వేడిచేస్తాయి. సగటున తక్కువే గానీ గుడ్డుకు సగటుతో పనిలేదు, ఆ గట్టి వేడి తగిలిన పది సెకన్లలోనే అడుగు పొర బిరుసెక్కుతుంది. అడుగు మందంగా ఉన్న గిన్నె వాడితే ఈ ఎగుడుదిగుళ్లు సర్దుకుంటాయి. థర్మామీటర్ లేకపోయినా నీళ్లే చెబుతాయి. అడుగున చిన్న బుడగలు అంటుకుని కదలకుండా ఉన్నాయంటే ఇంకా 70 ప్రాంతం. అవి ఒకటొకటిగా పైకి లేస్తుంటే 85, 90. కుతకుతలాడుతుంటే వంద. పనీర్, టోఫు మొదటి రెండింటి మధ్య ఉంటే చాలు.

మిగిలిన పనీర్ కూర మర్నాడు వెచ్చబెట్టేటప్పుడు నిన్న పడ్డ జాగ్రత్తంతా వృథా అయిపోతుంటుంది. గిన్నెతో సహా మైక్రోవేవ్‌లో పెడితే అంచున ఉన్న ముక్కలు ఉడికి బిగుసుకుంటాయి, నడుమ గ్రేవీ చల్లగానే ఉంటుంది. ముక్కల్ని తీసి పక్కన పెట్టి, గ్రేవీని కొద్దిగా నీళ్లు పోసి ఒక్కదాన్నే తెర్లించి, స్టవ్ కట్టేశాక ముక్కలు వేసి మూత పెట్టాలి. ఐదు నిమిషాల్లో లోపలి కొవ్వు కరిగి ముక్క నిన్నటిలాగే ఉంటుంది. గుడ్డు పులుసుకూ ఇదే పద్ధతి. మొత్తం ఉడికిన గుడ్డును మైక్రోవేవ్‌లో ఎలాగూ పెట్టకూడదు. లోపల చిక్కిన ఆవిరి వల్ల అది పేలుతుంది, ఒక్కోసారి బయటికి తీసి స్పూను పెట్టిన తర్వాత కూడా.